ముప్ఫై ఒకటో నంబరు

టక్కుమని చిన్న చప్పుడు. బందరు టెలిఫోను ఎక్స్ఛేంజిలో బల్లమీద తల వాల్చిన దేవసహాయం కళ్లు తెరిచాడు. బోర్డుమీద ముప్ఫై ఒకటో నంబరు రేకు జారిపడి ఉంది. ఆ ఇంట్లో ఎవరో ఫోను హ్యాండిలు తిప్పారు. తీగ తీసి ఆ నంబరు రంధ్రంలో గుచ్చి, మీట నొక్కాడు.

"హలో," అంది ఒక ఆడగొంతు.

"ఎవరు కావాలండీ?"

ప్రతివారినీ అడిగే మాటే.

"నిద్ర పట్టడం లేదండి."

"ఒంట్లో బాగాలేదా? డాక్టరుగారికి కలపనా? ఇంట్లో ఎవరూ లేరా?"

అటు ఆమె హ్యాండిలు గిర్రున తిప్పేసింది. మాట ముగిసిందని తెలిపే రెండో రేకు పడింది.

అప్పుడు గుర్తుకొచ్చింది దేవసహాయానికి. అది అద్దకం బట్టల వ్యాపారి ఇల్లు. సరుకు అమ్మడానికి గుడివాడ వెళ్లినప్పుడల్లా, రాత్రి పదింటికి ఆయన అక్కణ్ణుంచి ఇంటికి ట్రంకుకాలు చేసేవాడు. ఆయన పోయి రెండు నెలలు. ఆమెకు కావలసిన మనిషిని ఏ తీగా కలపలేదు. ఎవరు కావాలని తాను అడిగింది ఆ మనిషి గురించే. ఇక ఆ రేకు పడదేమోనని మర్నాడు రాత్రంతా దిగులుపడ్డాడు.

మూడో రాత్రి పడింది.

"హలో."

"లైనులోనే ఉన్నానండి. మాట్లాడాలనిపించకపోతే ఊరికే ఉండండి. మీరు హ్యాండిలు తిప్పేదాకా తీగ తియ్యను." చేతిమీది దోమను చరిచి, "ఇక్కడి దోమలు నాకు జీతం లేని అసిస్టెంట్లు. కునుకు తీయనివ్వవు," అన్నాడు.

చిన్న నవ్వులాంటిది వినబడింది. "మా ఇంట్లోనూ అంతే. నేను తెర కట్టుకోలేదు."

కట్టుకోండి అనబోయి, మాట మింగేశాడు.

మరో రేకు పడింది. "అవనిగడ్డ నుంచి ఆస్పత్రికి కాలండి. కలిపి మళ్లీ వస్తాను."

వచ్చాడు. "ఉన్నారా?"

"ఉన్నాను. మీరు వస్తారనుకోలేదు."

"వస్తానన్నానుగదండీ. రేపు మాత్రం నాకు సెలవు, నా బదులు బోర్డు దగ్గర పున్నారావుగారుంటారు. ముందే చెబుతున్నాను."

"పెడనలో మా చెల్లెలుంది, ధనమ్మ. రమ్మందామా అనుకుంటున్నాను."

"కబురు పంపమంటారా?"

"వద్దులెండి. పొద్దున నేనే పంపుతాను."

"అలాగేనండి."

వాన మొదలైంది. ఇద్దరూ చెరో చూరు కింద ఒకే వాన విన్నారు. ఆమె నెమ్మదిగా అంది:

"మొన్న మీరు అడిగారుగదా, ఎవరు కావాలని. పెళ్లయి ఇరవై రెండేళ్లు. మొగుడి పేరు పలకకూడదని పెంచారు మమ్మల్ని. ఆయన గుడివాడలో ఉంటే, నేనే ఒకసారి ఫోను చేద్దామని ఎన్నిసార్లో అనుకున్నాను. ఎవరు కావాలి అని మీరు అడుగుతారని ఊరుకునేదాన్ని."

చెప్పండి అనలేదు దేవసహాయం. మీటమీద వేలుంచి, అలాగే కూర్చున్నాడు. వాన సన్నగిల్లింది.

"ఈశ్వరప్రసాద్‌గారు," అంది ఆమె.