మూడో షరతు

అగ్రిమెంటు నా పేరున ఉంది కాబట్టి మెసేజ్ నాకే వచ్చింది. మందుల షాపు కౌంటర్ వెనక నిలబడి చదివాను.

"అమ్మా, మీ అద్దె ఒప్పందం ఈ నెలాఖరుతో ముగుస్తుంది. మరో ఏడాది ఉండదలిస్తే, ఒకటి: అద్దె ఎనిమిది శాతం పెంపు. రెండు: ఖాళీ చేయాలన్నా, చేయించాలన్నా రెండు నెలల ముందు చెప్పాలి. మూడు: కొత్త ఒప్పందంలో పేర్లు రాసే ఇద్దరే ఇంట్లో ఉండాలి. ఆదివారంలోగా జవాబివ్వండి."

ఇంటాయన రిటైరైన లెక్కల మాస్టారు. మేం చాటుగా రూళ్లకర్ర అంటాం. కానీ ఆరు నెలల కిందట మా అక్క కాలు విరిగి మా ఇంటికొస్తే, అడక్కుండానే మెట్లకు కమ్మీ వేయించింది ఆయనే. అలాంటి మనిషికి, అప్పట్నుంచీ మా ఇద్దరితోనే ఉంటున్న అక్క ఇప్పుడెందుకు బరువైంది?

సాయంత్రం మా ఆయనకు ఫోన్ ఇచ్చాను. ఒక్క చూపు చూసి తిరిగిచ్చేశాడు.

"ముసలాడు మొండిఘటం. ఏం చేస్తాం, వదినకి దగ్గర్లో ఓ గది చూద్దాం."

రెండో షరతు దాకా కూడా చదివి ఉండడు.

పొద్దున్నే పై అంతస్తులో మాస్టారింటికెళ్లాను.

"మాస్టారూ, పన్నెండు శాతం ఇస్తాను. ఆ మూడోది తీసేయండి."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అది నా షరతు కాదమ్మా. నేను ఐదు శాతమే అనుకున్నాను. ఆ ముక్క రాస్తే ఎనిమిదికి ఒప్పుకుంటామని పోయినవారం మీ ఆయనే వచ్చారు. మీరిద్దరూ మాట్లాడుకునే అడిగారనుకున్నాను."

కిందికొచ్చేసరికి మా ఆయన అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు.

"మూడు శాతానికి మా అక్కని బేరం పెట్టారా?"

చేయి ఆగింది. "ఆరు నెలలు నోరు మూసుకున్నాను. నేను పొమ్మంటే నువ్వు నన్ను బతకనివ్వవు. ఆయన పొమ్మంటే గొడవుండదు కదా."

అక్కడే నిలబడి జవాబు టైప్ చేశాను. చదివి వినిపించాను. "మూడు షరతులూ సమ్మతమే. ఒప్పందంలో పేర్లు: నేను, మా అక్క."

సగం మొహానికి నురగతో ఆయన స్టూలు మీద కూలబడ్డాడు.

"నా పేరు తీసెయ్యవే." గుమ్మంలో అక్క, చేతికర్ర మీద ఆనుకుని. "పోయిన శనివారమే గది మాట్లాడుకున్నాను."

"ఎవరు చూపించారు?"

అక్క ఆ నురగ మొహం వైపు చూసింది. "నీతో అననని ఒట్టేయించుకున్నాడు. నా వల్ల మీ కాపురం చెడకూడదని ఒప్పుకున్నాను."

"అంటే ఇన్నాళ్లూ నా ముందు ఇద్దరూ నాటకమాడారు."

నేను రెండో పేరు చెరిపి మెసేజ్ పంపేశాను.

నిమిషంలో మాస్టారి ఫోన్. "ఒక్క పేరే ఉందేంటమ్మా? రెండోవారు ఎవరు?"

"ఎవరూ లేరు మాస్టారూ. మూడో షరతూ, ఆ ఎనిమిది శాతమూ అలాగే ఉంచండి."