వెనక్కి చూడకుండా చాచిన చెయ్యి

ప్రేయర్ అయ్యాక ఆటల మాస్టారు నర్సింగం సారు రిలే జట్టు పేర్లు చదివారు. ఆడపిల్లలు వేసిన కేకలకు బడి గోడ అవతల క్వార్టర్లలోని కుక్కలన్నీ ఒక్కసారే మొరిగాయి.

"కనకవ్వ, పోశవ్వ, సమ్మక్క, ఆఖర్న నుస్రత్! వచ్చే నెల జ్యోతినగర్ గ్రౌండ్‌ల పోటీలు. మొదటి రెండు జట్లు కరీంనగర్ జిల్లా మీట్‌కు పోతయి!"

కరీంనగర్ అనేసరికి కనకవ్వ గాల్లోకి ఎగిరింది. పోశవ్వ సమ్మక్కను ఎత్తుకోబోయి తనే కింద పడింది. చప్పట్లు కొడుతున్నవాళ్ల మధ్య నుస్రత్ కూడా నవ్వింది. నవ్వుతూనే రెండు అరచేతులూ సల్వారుకు తుడుచుకుంది. చేతులు మంచులా చల్లబడి, చెమటతో తడిసిపోయాయి.

అది తొంభై మూడో సంవత్సరం డిసెంబరు. గోదావరిఖనిలో చలి ఎముకల్లోకి దిగుతోంది. నుస్రత్ బేగానికి పద్నాలుగేళ్లు. తండ్రి ముష్తాక్ బొగ్గు గని బాయిలో పంపు ఆపరేటరు. ఆమెలా ఉరికే ఆడపిల్ల ఆ బడిలో ఇంకొకతె లేదని అందరికీ తెలుసు. ఎవరికీ తెలియనిది ఇంకొకటి ఉంది.

కిందటేడు మండల పోటీల్లో సమ్మక్క రిలే కర్ర అందించబోతుండగా నుస్రత్ వెనక్కి తిరిగి చూసింది. కర్ర మణికట్టుకు తగిలి జారి, దొర్లుకుంటూ పక్క గీతలోకి పోయింది. దాని వెంట ఆమె వంగి వంగి పరిగెత్తుతుంటే జనం విరగబడి నవ్వారు. జట్టువాళ్లు ఒక్క మాటా అనలేదు, రెండు రోజుల్లో మర్చిపోయారు కూడా. నుస్రత్‌ను మాత్రం ఆ నవ్వు వదల్లేదు. బడిలో ఎవరు ఎందుకు నవ్వినా అది తన వెనకే వినబడినట్టుండేది.

జట్టు పేర్లు చదివిన మరునాడు ప్రాక్టీసుకు పోయే వేళకు కడుపులో తిప్పింది. "కడుపునొస్తాంది సార్," అంది. ఇంటి దారి పట్టగానే ఆ తిప్పుడు పోయింది, ప్రాణం తేలికపడింది. ఆ తేలిక ఎంత హాయిగా ఉందో, మర్నాడు గ్రౌండ్ తలచుకుంటే భయం అంతకు రెట్టింపుగా వచ్చింది. ఆ రోజు కాలు మడతపడిందని చెప్పింది. మూడో రోజు బడికే పోనంది.

తల్లి అక్బరీ బేగం ఎర్ర మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు. "చూసినవా, ఎంత దిష్టి ఉన్నదో!" అని దక్కనీలో గొణిగింది. కూతురి నెత్తి నిమిరి, వేడి గంజి తాగించింది. నుస్రత్‌కు కళ్ల నీళ్లు తిరిగాయి. అమ్మీకి నిజం చెప్పలేకపోయింది. "ఉరుకుడంటె ఏందే భయం? నీకంటె జోరుగ ఉరికేటోళ్లెవరు?" అంటుందని తెలుసు. అట్లాంటి మాట ఎవరన్నా అంటే భయానికి తోడు సిగ్గు కూడా వచ్చి చేరేది.

సాయంత్రం సమ్మక్క గ్రౌండ్ నుంచి నేరుగా వచ్చింది. సమ్మక్క తండ్రి సదయ్య ముష్తాక్‌తో ఒకే షిఫ్టు. రెండు ఇళ్లకూ మధ్య గోడ ఒక్కటే. వచ్చీ రాగానే అరుగు మీద కూలబడి ఆయాసపడుతూ అంది:

"సారు నీ బదులు వేరే పిల్లను పెడుదునా అని అడుగుతుండె. నేనే ఆపిన. నీ కాలెట్లున్నదే?"

ఇదీ బయటపడే దారి. కాలు ఇంకా నొప్పే అంటే చాలు, అన్నీ అయిపోతాయి. నుస్రత్ నోరు తెరిచింది. వేరే మాట వచ్చింది.

"కాలు మంచిగనే ఉన్నది, సమ్మక్కా. కడుపు గూడ మంచిగనే ఉన్నది. నాకు భయమైతాంది."

నుస్రత్ ఆగలేకపోయింది. "గ్రౌండ్ యాదికొస్తె గుండె డబడబ కొట్టుకుంటది. చేతులు చల్లగైతయి. కాళ్లు నావి కావన్నట్టు అయితది. మళ్ల కర్ర కింద పడేస్తనేమో, మీ ముగ్గురి కష్టం నా ఒక్కదాని చేతుల ఖరాబైతదేమో అని ఒక్కటే ఆలోచన. నువ్వు ఉరికొస్తున్నవంటె ఎనుకకు చూడకుండ ఉండలేను."

చెప్పేసి మొహం చున్నీలో దాచుకుంది. సమ్మక్క నవ్వుతుందనుకుంది. సమ్మక్క నవ్వలేదు, తిట్టలేదు, భయపడకు అని కూడా అనలేదు.

"ఎన్ని రోజులసంది?" అంది.

"పోయిన యేడుసంది."

"ఒక్కదానివే మోసినవా గిదంత?" సమ్మక్క దగ్గరికి జరిగి కూర్చుంది. "రేపు సారుకు చెప్దాం. నేనూ ఉంట. మాటలు నువ్వే చెప్పు, నేను పక్కన నిలబడత."

మరునాడు చెప్పడం మొదటిసారంత కష్టం కాలేదు. నర్సింగం సారు విజిల్ మెడలోంచి తీసి జేబులో పెట్టుకుని విన్నారు. ఆయన ఒకప్పుడు కబడ్డీకి పేరు మోసిన మనిషి. జిల్లాలో ఆయన పట్టు పడితే విడిపించుకున్నవాడు లేడని చెప్పుకుంటారు.

"నేను ఆటకు ముందు వాంతి చేసుకునేటోన్ని, బిడ్డా," అన్నారు. "ప్రతిసారి. ఆడుడు షురూ అయినంక భయం తెల్వకుండనే పోతుండె."

నుస్రత్ నమ్మలేనట్టు చూసింది.

"గుండె ఎందుకు జోరుగ కొట్టుకుంటదో ఎరుకేనా? ఒళ్లు ఉరుకుడుకు తయారైతది. నెత్తురు కాళ్ల కండలకు పోతది. అందుకే చేతులు చల్లగైతయి, కడుపుల తిప్పుతది. సంబురమైనా గుండె గిట్లనే కొట్టుకుంటది. గది పాడు గాదు, ఎక్కువైతె పట్టు తప్పుతది, అంతే. దాన్ని ఎల్లగొట్టాలని చూస్తె ఇంక పెద్దగైతది. ఉండనియ్యి. ఉండంగనే ఉరుకు."

"మరి ఎనుకకు చూసుడు?"

"గది ప్రాక్టీసుతోనే పోతది. ఒక్క షరతు. కడుపునొచ్చిన రోజు గూడ గ్రౌండ్‌కు రావాలె. ఉరకకున్నా పరవాలేదు, రావాలె. ఇంటికి పోతె నీ మనసు 'చూసినవా, గ్రౌండ్ ఖతర్నాకే' అనుకుంటది. నిలబడితె దానికే తెలుస్తది, ఏం కాలేదని."

అంతేకాదు, సారు ఇంటికి వచ్చి ముష్తాక్‌కూ అక్బరీకీ కూడా చెప్పారు. ముష్తాక్ నుస్రత్ వైపు తిరిగాడు. "మొదటిసారి బాయిల దిగిన నాడు నేను గూడ గడగడ వణికిన," అన్నాడు కూతురితో. "నీకు చెప్పలె గని." అక్బరీ కూతుర్ని దగ్గరికి లాక్కుంది. "నాకెందుకు చెప్పలే, బేటీ?" అంది. తిట్టినట్టు కాదు, నొచ్చుకున్నట్టు. "ఇగ రోజు చెప్పు. నేనేం అనను, ఇనుకుంట."

ఆ రోజునుంచి నలుగురూ కొత్తగా మొదలుపెట్టారు. మొదట నడుస్తూ కర్ర అందించుకోవడం. నుస్రత్ ముందు చూస్తూ చెయ్యి వెనక్కి చాచాలి. సమ్మక్క దగ్గరికి రాగానే "చెయ్యి!" అని అరవాలి. అరచేతిలో కర్ర పడాలి. నడక అలవాటయ్యాక మెల్లగా పరుగు, ఆపైన పూర్తి జోరు. సమ్మక్క ఏ చోటికి రాగానే నుస్రత్ కదలాలో తెలియడానికి నేల మీద సున్నంతో గీత గీశారు. సమ్మక్క పాదం ఆ గీత దాటిందంటే నుస్రత్ దూకాలి. ఆ తర్వాత తల తిప్పకూడదు. తిప్పితే వేగం తగ్గుతుంది, ఇద్దరూ ఢీకొంటారు.

మొదట్లో నాలుగుసార్లలో రెండుసార్లు తిప్పేది. కర్ర పడేది. పడినప్పుడు పోశవ్వ గట్టిగా, "పడ్డది! తియ్యి, మళ్ల!" అనేది. కిందటేడులా ప్రపంచం ఆగిపోయేది కాదు. కర్ర తీసుకునేవాళ్లు, మళ్లీ చేసేవాళ్లు.

గుండె దడ మొదలైనప్పుడల్లా ఊపిరి పీల్చడం మీద కాకుండా వదలడం మీద ధ్యాస పెట్టమన్నారు సారు. ముక్కుతో కొంచెం పీల్చి, వేడి చాయి చల్లార్చినట్టు పెదాలు ముడిచి నిదానంగా ఊదాలి. దాంతో భయం పోలేదు. కాళ్లు తనవే అన్న తెలివి మాత్రం మిగిలేది. అది చాలేది.

ఆఖరికి సారు తొమ్మిదో తరగతి మొత్తాన్ని గ్రౌండ్ పక్కన నిలబెట్టారు. "అరవండ్రి! నవ్వండ్రి! ఈలలెయ్యండ్రి!" వాళ్లకు అంతకన్నా కావలసింది ఏముంది? కంచాలు తెచ్చి మోగించారు. ఓపెన్‌కాస్టు గనిలో మధ్యాహ్నం పేలుడుకు కిటికీలు ఊగినా ఆ గోలలో ఎవరికీ వినబడలేదు. మొదటి రోజు నుస్రత్ ఏడ్చింది. ఏడుస్తూనే ఉరికింది. మర్నాడు కాళ్లు వణికాయి గానీ ఏడవలేదు. ఆ తర్వాతి రోజు మధ్యలోనే నవ్వొచ్చింది.

పోటీ రోజు జ్యోతినగర్ గ్రౌండ్ చూసి నలుగురూ నోరు తెరిచారు. పచ్చటి గడ్డి, తీరుగా గీసిన సున్నపు గీతలు, చుట్టూ రంగు జెండాలు. కరెంటు ప్లాంటు పొగ గొట్టాలు ఆకాశంలో నిలబడి చూస్తున్నట్టున్నాయి. ఇంజినీర్ల పిల్లలు తెల్ల బూట్లు బిగించుకుంటున్నారు. వీళ్లవి ఉత్త కాళ్లు.

నుస్రత్‌కు గుండె గొంతులోకి వచ్చింది. ఇన్ని రోజుల కష్టం తర్వాత కూడా! ఒక్క క్షణం నీరుకారిపోయింది. వెంటనే పక్కకు తిరిగి అంది, "సమ్మక్కా, వచ్చింది."

"నాకు గూడ వచ్చిందే," అంది సమ్మక్క, నీళ్ల సీసా మూత తెరవలేక తంటాలు పడుతూ. "చూడు, నా చేతులు."

నుస్రత్ మూత తీసిచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని చాయి చల్లార్చినట్టు ఊదారు. కనకవ్వ, పోశవ్వ కూడా వచ్చి ఊదారు. అటుగా పోతున్న ఇంకో బడి పిల్లలు వీళ్లకేమన్నా పిచ్చా అన్నట్టు చూశారు.

తుపాకి పేలింది. కనకవ్వ బాణంలా దూసుకుపోయింది. పోశవ్వకు కర్ర అందేసరికి వీళ్లది రెండో స్థానం. మలుపులో పోశవ్వ కొంచెం వెనకబడింది, మూడో స్థానం. సమ్మక్క కర్ర అందుకుంది. ఆమె కాళ్ల చప్పుడు దూరాన్నుంచే నుస్రత్‌కు నేలలోంచి తెలిసింది.

జనం అరుపులు. ఆ అరుపుల్లో నవ్వు కూడా ఉందేమో. ఉండనీ. నుస్రత్ గీత వైపే చూసింది. సమ్మక్క పాదం గీత దాటింది. దూకింది. మెడ వెనక్కి తిరగాలని గుంజింది. ముందున్న ఎర్ర జెండా మీద కళ్లు అతికించింది.

"చెయ్యి!"

చాచింది. అరచేతిలో కర్ర చప్పున పడింది. వేళ్లు వాటంతట అవే మూసుకున్నాయి.

ఆ తర్వాత ఏం జరిగిందో ఆమెకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. గడ్డి చల్లదనం, పక్క గీతలో తెల్ల బూట్లు, అవి వెనక్కి పోవడం. ముందు ఇంకొక అమ్మాయి జడ. ఆ జడ దగ్గరైంది, దగ్గరైంది, ఇంకా దగ్గరైంది. గమ్యం గీత మీద కట్టిన దారం తెగింది. అది మొదట ఆ జడ పిల్ల ఛాతీకి తగిలింది, ఆ వెంటనే నుస్రత్‌కు.

రెండో స్థానం!

ఏం జరిగిందో అర్థమయ్యేలోగానే కనకవ్వ మీద పడింది, పోశవ్వ మీద పడింది, సమ్మక్క అందరి మీద పడింది. డ్యూటీ మార్చుకుని వచ్చిన ముష్తాక్ తాడు అవతలినుంచి టోపీ ఊపుతూ, "నా బిడ్డ! నా బిడ్డ!" అని గొంతు బొంగురుపోయేలా అరుస్తున్నాడు. అక్బరీ పక్కనున్న ఎవరో అమ్మను పట్టుకుని ఏడుస్తోంది.

నర్సింగం సారు విజిల్ ఊదలేక నవ్వుతున్నారు. "ఇగ కరీంనగర్! అక్కడ స్టేడియం గిట్ల కాదు, ఇంతకు నాలుగింతలుంటది!"

నుస్రత్ లేచి కూర్చుని సల్వారుకు అంటిన గడ్డి దులుపుకుంది.

"సార్," అంది ఆయాసపడుతూ, "నాకిప్పటిసందే భయమైతాంది."

"నాకు గూడ!" అంది కనకవ్వ చెయ్యెత్తి.

"నాకు కొంచెం," అంది పోశవ్వ.

"మంచిది," అన్నారు సారు. "సోమవారం పొద్దుగాల్నే గ్రౌండ్‌కు రాండ్రి."