చేతులు వెనక్కి పెట్టుకుని

మా ఆయనకి యాభై నాలుగేళ్లు, ఆయన పెట్టెకి రెండేళ్లు. ఇంట్లో గారాబం ఎవరికి ఎక్కువో వేరే చెప్పనక్కర్లేదు.

పెట్టె అంటే అరచేతిలో పట్టేంతే. మోటారు మీదో పంపు మీదో అతికిస్తే, అది ఎంత వణుకుతోందో కనిపెట్టి, చెడిపోకముందే ఫోనుకి కబురు పంపుతుంది. ఉద్యోగమంతా ఫ్యాక్టరీల్లో తిరిగే యంత్రాలతోనే కాపురం చేసిన మనిషి, అది మానేసి ఇంటికొచ్చాక, మా భోజనాల బల్లని ఆక్రమించుకుని దాన్ని తయారుచేశారు. మేం పళ్లాలు ఒళ్లో పెట్టుకుని తిన్నాం. పెట్టె మాత్రం పనిచేస్తుంది, ఆ మాట ఒప్పుకోవాలి. మా మిక్సీ పోతుందని వారం ముందే చెప్పింది.

ఇక దాని పేరున కంపెనీ పెట్టాలని ఆయన కోరిక. ఒకప్పుడు ఆయన కింద పనిచేసిన శిష్యుడు భాగస్వామిగా సిద్ధంగా ఉన్నాడు. పెట్టెలు వందల్లో చేయించాలి, పరీక్షలు చేయించి సర్టిఫికెట్లు తెచ్చుకోవాలి, అమ్మేవాళ్లని పెట్టుకోవాలి. అందుకు మేముంటున్న ఇల్లు బ్యాంకులో తాకట్టు పెట్టాలి. ఇల్లు ఇద్దరి పేరునా ఉంది కాబట్టి నా సంతకం కావాలి. సోమవారం రమ్మన్నారు.

"మీ దగ్గర ఉన్న సరుకు ఆ పెట్టె కాదండీ, మీ చెవులు," అన్నాను. "మోటారు పక్కన నిలబడితే చాలు, దాని రోగం చెప్పేస్తారు. ఆ విద్యే నాలుగు ఫ్యాక్టరీలకి నేర్పండి. మెషీన్ మొరాయిస్తే సలహాకి పిలుస్తారు. పెట్టుబడి అంటే మీ బస్సు ఛార్జీలే."

"అంటే చెవులు అద్దెకిచ్చుకుని బతకమంటావా? నాకంటూ ఒక వస్తువు ఉండాలే. ఎక్కడో ఒక మోటారు మీద కూర్చుని, నేను లేకపోయినా పనిచేస్తూ ఉండాలి."

ఆ మాటకి లొంగిపోయే రకాన్ని కాదు నేను. చివరికి ఒప్పందానికి వచ్చాం. తెలిసిన కాగితం మిల్లులో మెయింటెనెన్స్ మేనేజరు ఒక్క రోజు క్లాసు చెప్పమని ఎప్పటినుంచో అడుగుతున్నాడు. నచ్చితే నెలకి రెండు రోజులు పర్మనెంటుగా పిలుస్తాడట. శుక్రవారం క్లాసు. వాళ్లు రమ్మంటే పెట్టె సంగతి మర్చిపోవాలి. వద్దంటే సోమవారం నేను నోరు మూసుకుని సంతకం పెట్టాలి.

కావాలని క్లాసు పాడుచేస్తారేమోనన్న భయం నాకు లేదు. చేతిలోకి వచ్చిన పనిని చెడగొట్టడం ఆ మనిషికి చేతకాదు. నా భయమల్లా ఆయనకి పాఠం చెప్పడం రాదేమోనని. నేను స్కూల్లో సైన్సు చెప్పి పోయిన ఏడే మానేశాను కదా, వంటింట్లో రిహార్సల్ పెట్టాను.

"బేరింగ్ ఎందుకు వేడెక్కుతుంది? గ్రీజు ఎక్కువైనా వేడెక్కుతుంది," అని ఒక్క గుక్కలో అనేశారు.

"ప్రశ్న వేసి, వాళ్లు నోరు తెరిచేలోపు జవాబు కూడా మీరే చెప్పేస్తే దాన్ని పాఠం అనరు, రేడియో అంటారు. అడగండి, ఆగండి. ఇంకో సంగతి, వాళ్ల చేతిలోంచి స్పానర్ లాక్కోకూడదు. చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడండి."

"చేతులు దురదపెడతాయే!"

"నేను వెనకాలే ఉంటాను. హద్దు దాటుతున్నారనిపిస్తే కళ్లజోడు తీస్తాను. చూసుకోండి."

అలా జీతం లేని అసిస్టెంటుగా మిల్లుకి వెళ్లాను. బయల్దేరేముందు ఆయన సంచిలో, చొక్కా మడతల మధ్య పెట్టె కనిపించింది. చూడనట్టే ఊరుకున్నాను.

పొద్దుటి పూట గదిలో స్లైడ్లు, ఆవులింతలు. మధ్యాహ్నం అందరం పంపు దగ్గరికి వెళ్లాం. రెండు మూడు నెలలకోసారి దాన్ని మోటారుతో కలిపే కప్లింగ్ రబ్బరు అరిగిపోతోందట. మోటారు, పంపు ఒకే వరసలో ఉండేలా అలైన్‌మెంట్ ఎన్నిసార్లు సరిచేసినా వణుకు తగ్గడం లేదట. కరెంటు ఆపి, పొరపాటున ఎవరూ వేయకుండా స్విచ్‌కి ఎవరి తాళం వాళ్లు వేశారు. మా ఆయన మోటారు అడుగుకి ఒక్క చూపు చూశారు. ఆ చూపు నాకు తెలుసు. రోగం దొరికిపోయింది. చెయ్యి అప్పుడే స్పానర్ మీదికి పోయింది.

నేను కళ్లజోడు తీశాను.

చేతులు వెనక్కి వెళ్లాయి. "ముందు ఏం చూస్తారు?" అని అడిగి ఆగారు. చెప్పాల్సిన మాటని పళ్ల మధ్య నొక్కిపెట్టి మొహం ఎర్రగా చేసుకుని నిలబడ్డారు పాపం. నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

చివరికి ఒక ఫిట్టరమ్మాయి అంది. "అలైన్‌మెంట్ పోయిన నెలే చేశాం సార్. రీడింగులన్నీ కరెక్టుగానే వచ్చాయి."

"మోటారు నాలుగు కాళ్లూ కింద ఆనాయా?"

"బోల్టులు గట్టిగా బిగించాం కదా సార్."

"బిగిస్తే ఏ కాలైనా ఆనుతుంది. వదిలేస్తే?"

ఆ అమ్మాయి వెళ్లి, వెంట్రుకవాసి కదలికనైనా ముల్లుతో చూపించే డయల్ గేజ్ తెచ్చి, దాని మొన మోటారు కాలి మీద ఆనించింది. బోల్టు వదులుచేసింది. ముల్లు కదల్లేదు. బిగించి రెండోదీ, మూడోదీ అలాగే చూసింది. నాలుగోది వదలగానే ముల్లు గిర్రున తిరిగింది.

"సార్, కాలు లేచింది! ఇన్నాళ్లూ బోల్టుతో దీన్ని వంచి కూర్చోబెట్టాం!"

ఆ తర్వాత ఆయన చెప్పాల్సింది పెద్దగా లేదు. కాలి కింద సందు కొలిచి, అంత మందం రేకు ముక్క దూర్చి బిగించారు. మళ్లీ అలైన్‌మెంట్ చూసుకున్నారు. తాళాలు తీసి నడిపిస్తే పంపు బుద్ధిగా తిరిగింది. అందరూ ఒకరి తర్వాత ఒకరు దాని మీద అరచెయ్యి పెట్టి చూసి నవ్వుకుంటున్నారు. మా ఆయన చేతులు మాత్రం ఇంకా వెనకాలే ఉన్నాయి. ఆ మొహంలో సంతోషం ఉంది, ఆకలీ ఉంది.

సాయంత్రం మేనేజరు గదిలో టీ ఇచ్చారు. మా ఆయన సంచిలోంచి పెట్టె తీసి బల్ల మీద పెట్టారు. మేనేజరు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"చాలా బాగా చేశారు సార్. ఇలాంటివి పెద్ద కంపెనీవే మా పంపులకి పెట్టాం. రోజూ ఫోన్లకి కబుర్లు వస్తూనే ఉంటాయి. వచ్చాక ఏం చేయాలో తెలిసినవాళ్లు లేకే కదా మిమ్మల్ని పిలిచింది! నెలకి రెండు రోజులు రండి. వచ్చే నెల ఏ తేదీలు రాసుకోను?"

ఆయన పెట్టె మీద వేలు ఆనించి, చిన్నపిల్లాడు అడిగినట్టు అడిగారు. "ఒక్కటి... ఆ పంపు మీద నా పెట్టె ఒక్కటి పెట్టి చూస్తే..."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోవడానికి కళ్లజోడు తీశాను.

ఆయన చూశారు. పెట్టెని మెల్లిగా సంచిలో పెట్టి, చేతులు వెనక్కి పెట్టుకున్నారు. "మొదటి వారంలో రాసుకోండి," అన్నారు.

ఆపమని తీయలేదండీ, అని బస్సులో చెబుదామనుకున్నాను. చెబితే సోమవారం సంతకం పెట్టాల్సి వస్తుందేమోనని చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

శిష్యుడికి ఆయనే ఫోన్ చేసి వద్దని చెప్పేశారు. ఇప్పుడు మరో రెండు ఫ్యాక్టరీలు కూడా పిలుస్తున్నాయి. ఇల్లు ఇల్లులా ఉంది, భోజనాల బల్ల ఖాళీ అయింది. పెట్టెని మాత్రం ఫ్రిజ్ పక్కకి అతికించారు. రోజూ పొద్దున్నే ఫ్రిజ్ బాగుందని ఆయన ఫోనుకి కబురు వస్తుంది. కాఫీ చల్లారిపోతున్నా ముందు అది చదువుకుంటారు.

దాని బ్యాటరీ నాలుగు రోజులకే అయిపోతుంది. ఆ సంగతి ఆయన మర్చిపోయారు. ఆయన స్నానానికి వెళ్లినప్పుడు నేనే ఛార్జింగ్ పెట్టి, మళ్లీ అతికిస్తున్నాను.