ఆదివారం రాత్రి అద్దె

ఏటా సూర్యలంక బీచ్ దగ్గర ఇల్లు మాట్లాడేది నేనే, తర్వాత డబ్బులడిగి అందరికీ చెడ్డయ్యేదీ నేనే. విసుగొచ్చేసింది. కోటి, సురేష్, సొలొమోను, నేను పాలిటెక్నిక్ నాటి స్నేహితులం. ఈసారి సొలొమోను రానన్నాడు. కారణం వాళ్ళావిడ శౌరమ్మ ఫోన్లో చెప్పింది.

"మీరు శుక్రవారమే వెళ్తారు. ఈయన ఆదివారం చర్చిలో కీబోర్డు వాయించాకే బయల్దేరాలి. పోయినేడు ఒక్క రాత్రికి నాలుగున్నర వేలు కట్టారన్నయ్యా."

సిగ్గేసింది. వాడు లేకపోతే నాకా బీచ్ అక్కర్లేదు. వెంటనే గ్రూపులో మెసేజ్ పెట్టాను.

"రాత్రికి అద్దె ఆరువేలు, మూడు రాత్రులు. ఇకమీదట సమానంగా వద్దు. ఏ రాత్రి అద్దె ఆ రాత్రి ఉన్నవాళ్ళే పంచుకుందాం. శుక్ర, శనివారాలు నేను, కోటి, సురేష్: రాత్రికి తలా రెండువేలు. ఆదివారం నేను, సొలొమోను: తలా మూడువేలు. మొత్తమ్మీద కోటి ఇవ్వాల్సింది నాలుగువేలు, సురేష్ నాలుగు, సొలొమోను మూడు, నేను ఏడు. అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి, అక్కడికెళ్ళాక నా ప్రాణం తీయకండి."

కోటి బొటనవేలు బొమ్మ పెట్టాడు. సురేష్ సూపర్ అన్నాడు. సొలొమోను చదివాడు గానీ ఉలుకూ పలుకూ లేదు. మర్నాడు పొద్దున్నే ఆటోనగర్‌లో వాడి రేడియేటర్ షాపుకి వెళ్ళాను.

"మూడువేలు ఎక్కువనిపిస్తే ఇంకో పద్ధతుందిరా" అన్నాను. "అందరి రాత్రులూ కలిపితే ఎనిమిది. పద్దెనిమిది వేలని ఎనిమిదితో భాగిస్తే నీకు రెండువేల రెండొందల యాభై."

వాడు చేతులు తుడుచుకుంటూ నవ్వాడు. "డబ్బు బాధ శౌరమ్మది. నీ మెసేజ్‌లో పేర్లు చూశావా? ఆదివారం మనిద్దరమే. ఆరేళ్ళుగా నేను వచ్చేసరికి వాళ్ళు బ్యాగులు కార్లో పెట్టుకుంటున్నారు. నలుగురం ఒక్క రాత్రి కూడా ఆ ఇంట్లో ఉండలేదురా."

లెక్కలు వేసిందీ నేనే, రాసిందీ నేనే. ఆ సంగతి మాత్రం నా కంటికి ఆనలేదు. నామీద నాకే ఒళ్ళు మండింది.

అక్కడే నిలబడి ఇంటి ఓనరుకి ఫోన్ చేశాను. ఆది, సోమవారాలకి మార్చుకోవచ్చన్నాడు. గ్రూపులో మళ్ళీ రాశాను. "పాత లెక్క కొట్టేశాను. ఆదివారం సాయంత్రం వెళ్ళి మంగళవారం వద్దాం. రెండు రాత్రులు, నలుగురం, తలా మూడువేలు."

"సోమ, మంగళవారాలు నా షాపు మూసుకోవాలా?" అన్నాడు కోటి. సురేష్ చదివి ఊరుకున్నాడు.

నా ఫోన్ మోగింది. మూడువేలు పడ్డాయి. సొలొమోను ఎదురుగానే ఉన్నాడు, ఫోన్ జేబులో పెట్టుకుంటూ.

"వాళ్ళ సంగతి తేలకుండా డబ్బులెందుకు పంపావురా? వాళ్ళు రాకపోతే నీకు ఆరువేలవుతుంది" అన్నాను.

"అయితే మిగతా మూడూ అక్కడికొచ్చాక ఇస్తాలే" అన్నాడు. "సోమవారం కూడా నువ్వు ఉంటావుగా?"