పిల్లలకేమీ లోటు జరగదు

ఫెలోషిప్ వచ్చిందన్న మెయిల్ వచ్చినప్పుడు మా ఆయన తలంతా షాంపూ నురగ. స్నానాల గది తలుపు సందులోంచి ఫోను లోపలికి పెట్టి, "మాస్టారూ, మిమ్మల్ని రమ్మంటున్నారు!" అని అరిచాను. ఆ నురగతోనే బయటికొచ్చి నన్ను ఎత్తి గిరగిర తిప్పారు. నా జాకెట్టు తడిసి ముద్దయింది. పెళ్ళయి రెండు నెలలు. అప్పట్లో మాకు ఏది తడిసినా నవ్వే.

ఆయన డిగ్రీ కాలేజీలో బోటనీ లెక్చరర్. నాచు మీద పరిశోధన. పెరటి గోడ మూల నన్ను కడగనివ్వనప్పుడే ఆ పచ్చదనం ఆయన ప్రాణమని అర్థమైంది. ఆయన తెచ్చిన ఒక నమూనా కొత్త జాతి అవునో కాదో తేలాలంటే, ఆ నాచు కుటుంబానికి మొదట పేరు పెట్టినప్పటి పాత ఎండు నమూనాలతో పోల్చాలి. అవి పరాయి దేశంలో, ఈ ఫెలోషిప్ ఇచ్చిన సంస్థలో ఉన్నాయి. పెళుసెక్కాయని పోస్టులో పంపరు. వచ్చి చూసుకోవాల్సిందే. సంస్థ బల్ల, మైక్రోస్కోపు ఇస్తుంది. మూడు నెలల జీతం, ప్రయాణం, బస మాత్రం పరిశోధనకి సెలవిచ్చి పంపే కాలేజీ సబాటికల్ నిధి నుంచే రావాలి.

దానికి ఒక స్టేట్‌మెంట్ రాయాలి. ఏం చేస్తారు, అక్కడే ఎందుకు, కాలేజీకి ఏం లాభం. ఆయన రాస్తుంటే నేను చదివి వినిపించేదాన్ని. నాచు గురించి రాసిన పేరా ఎంత బాగుందంటే, అది నా గురించి రాసినా నేను అంత మురిసిపోయేదాన్ని కాదు.

డిపార్ట్‌మెంట్ హెడ్డుగారు చదివి పెదవి విరిచారట. "నాచు సంగతి సరేనయ్యా. నువ్వెళ్తే క్లాసులెవరు చెప్తారు? నిధిచ్చే కమిటీ ముందు చూసేది అదే."

ఆ సాయంత్రం ఆయన ఇంకో పేరా చేర్చారు. రెండు సెక్షన్లనూ పెద్ద హాల్లో కలిపి కూర్చోబెడితే థియరీ హెడ్డుగారే చెప్పగలరు. ప్రాక్టికల్స్ గెస్ట్ లెక్చరర్ మేడమ్ చూస్తారు. తను జ్వరంతో పడ్డప్పుడూ ఇలాగే నడిచింది, ఫలితాలు తగ్గలేదు. 'పిల్లలకేమీ లోటు జరగదు.'

ఆ మేడమ్ ఆదివారం మా ఇంటికొచ్చారు. ఏటా రెన్యువల్ చేసే ఉద్యోగం ఆమెది. "వెళ్ళి రండి సార్, మీ ల్యాబ్ నేను చూసుకుంటా. ఆ నాచుకి మాత్రం నా పేరు పెట్టాలి," అన్నారు.

"నా పేరు క్యూలో ముందుంది," అన్నాను నేను. ముగ్గురం పొలమారేదాకా నవ్వాం.

కమిటీ జరిగిన రోజు ఆయన తొందరగా ఇంటికొచ్చారు. చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడ్డారు.

"ఇవ్వలేదా?" అన్నాను.

"ఇచ్చారు."

"మరి ఆ మొహమేంటి?"

"సెక్షన్లు కలిపితే గంటలు తగ్గుతాయి. గంటలు తగ్గితే ఒక మనిషి ఎక్కువ. లోటు జరగదని మీరే రాశారు కదా, ఎప్పటికీ ఇలాగే ఉంచుదాం అన్నారు ప్రిన్సిపాల్. మేడమ్‌కి ఇక రెన్యువల్ లేదు. నా ఖర్చులకి నిధులెక్కడివో తెలుసా? ఆ మిగిలే జీతమే."

"ఆమె లేకపోతే ప్రాక్టికల్స్ ఎవరు చూస్తారని అడగలేదా?"

"అడిగాను. అటెండరు చూస్తాడట."

నవ్వొచ్చే మాటే. ఇద్దరికీ నవ్వు రాలేదు.

"ఆ పేరా తీసేసి మళ్ళీ ఇవ్వండి," అన్నాను.

"ఏం తీస్తాం? నా ఫలితాల లెక్క వాళ్ళ మీటింగు మినిట్స్‌లోకి ఎక్కింది. నేను వెళ్తే ఆమె ఉద్యోగం పోతుంది, మానినా పోవచ్చు. నాచు కోసం వాదన రాశాననుకున్నా. నేను రాసింది ఆమెను తీసేసే ఆర్డరు."

ఊరుకోబెడదామని ఆయన భుజం మీద చెయ్యి వేశాను. పెళ్ళయ్యాక మొదటిసారి, నా చెయ్యి ఉన్నట్టే ఆయనకు తెలియలేదు. "మానినా పోవచ్చు అన్నారు కదా, అలాంటప్పుడు వెళ్తేనేం?" అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఆ మాట నాకు తోచినందుకు నా మీద నాకే వెగటు పుట్టింది.

వంటింట్లో టీ పెట్టి తెచ్చాను. చల్లారి మీగడ కట్టింది. చివరికి ఆయనే తలెత్తారు.

"రేపు పొద్దున్నే మేడమ్ వాళ్ళింటికి వెళ్తాను. ఎవరో చెప్పేలోపు నేనే చెప్పాలి. అక్కణ్ణుంచి ప్రిన్సిపాల్ దగ్గరికెళ్ళి నా దరఖాస్తు వెనక్కి తీసుకుంటాను. తర్వాత ఆ సంస్థకి రాలేనని రాస్తాను."

"మేడమ్ వాళ్ళింటికి నేనూ వస్తాను," అన్నాను.