కలల ప్రయాణానికి ఒక చిన్న చిట్కా

వెనక వీధిలో బిస్కెట్లు చేసి అమ్మే ఆవిడ కొట్టు తగలబడిందని ఎదురింటావిడ చెప్పిందట. ఎదురింటావిడకి పాలవాడు చెప్పాడట. "ఆశండీ, ఆశ! పగలనక రాత్రనక మిషను తిప్పితే తగలబడక ఏం చేస్తుంది? పాపం, చెల్లెలి చెయ్యి కాలిందట. అయినా ఇన్సూరెన్సు కోసం ఆవిడే అంటించుకుందేమో, ఎవరు చూడొచ్చారు?" అని కూడా అందట. ఈ ముక్కలన్నీ అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి, ఉప్పూ కారం తగ్గకుండా కోడలికి అప్పజెప్పింది.

"ఏం మిషనట అత్తయ్యా?"

"ప్యాకెట్ల మూతులు అతికించేదట. ఎర్ర రంగుదట. మీ కంపెనీది కాదు కదా తల్లీ?"

కోడలి చేతిలో గరిటె ఆగిపోయింది.

ఆ ఎర్ర మిషన్లు తయారుచేసే కంపెనీలోనే ఆమె ఉద్యోగం. కొన్నవాళ్ళకి ఉత్తరాలు రాయడం ఆమె పని. అక్కడ అందరూ ఆమెను రైటరమ్మ అంటారు. కిందటి వారం ఒక రకం మిషనులో లోపం బయటపడింది. వేడిని అదుపులో పెట్టే భాగం ఒక్కోసారి పట్టేస్తోంది. అప్పుడు అతికించే పట్టీ మితిమీరి వేడెక్కి, కవరు అంటుకుంటుంది. ఆ భాగం మార్చేదాకా మిషను ముట్టుకోకూడదు. ఈ సంగతి అందరికీ తెలియజెయ్యమన్నారు.

రైటరమ్మ రెండు ఉత్తరాలు రాసింది. పెద్ద కంపెనీల్లో ఫ్యాక్టరీలన్నిటి మీదా అధికారం చేసేవాడు మిషను మొహం కూడా చూడడు. ఉత్తరం చదివి కిందివాళ్ళకి పంపుతాడు. అందుకని అతనికి పొట్టిగా రాసింది. మొదటి వాక్యంలోనే 'ఈ మిషన్లు వెంటనే ఆపించండి, నిప్పు ప్రమాదం ఉంది' అని, తర్వాత ఎన్ని ఫ్యాక్టరీల మీద దెబ్బ పడుతుంది, అతను ఏ నిర్ణయం తీసుకోవాలి, మా వైపు ఎవరు జవాబుదారీ అని. ఎవరికైనా యథాతథంగా పంపడానికి వీలుగా ఒక విడి కాగితం జత చేసింది.

సొంతంగా చిన్న వ్యాపారం పెట్టుకున్నవాళ్ళ సంగతి వేరు. మిషను కొన్నదీ ఆవిడే, తిప్పేదీ ఆవిడే, తుడిచేదీ ఆవిడే. ఉత్తరం పంపడానికి ఆవిడ కింద ఎవరూ లేరు. అందుకని వాళ్ళకి ఎదురుగా కూర్చుని చెప్పినట్టు రాసింది: 'ముందు ప్లగ్గు పీకెయ్యండి. కారణం తర్వాత చదువుకోవచ్చు. వేడి తగ్గించే మర తిప్పితే సరిపోతుందనుకోకండి, చెడిపోయింది అదే. ఒప్పుకున్న ఆర్డర్లు ఆగకుండా చేత్తో అతికించే చిన్న మిషను రేపే పంపుతాం, డబ్బులక్కర్లేదు. ఇది నా నంబరు. ఫోను నేనే తీస్తాను.' మాట తీరు మారింది గానీ, రెండింటిలోనూ నిప్పు మొదటి వరసలోనే ఉంది.

ఆ పొద్దున ఆమె ఆఫీసుకి పోయి, పంపిన ఉత్తరాలు తెరిచి చూసింది. అధికారులకు వెళ్ళింది అక్షరం పొల్లుపోకుండా ఆమె రాసిందే. చిన్నవాళ్ళకు వెళ్ళింది మాత్రం పెళ్ళికి ముస్తాబైనట్టుంది. పైన బెలూన్లు. 'హలో సూపర్ ఫౌండర్! మీ కలల ప్రయాణంలో మేమూ మీ తోడే!' ఆ కింద ఎవరో గెలిచిన కథ ఒకటి. అట్టడుగున, బొటనవేలంత చోటులో: 'ఒక చిన్న చిట్కా: మీ మిషనుకీ అప్పుడప్పుడూ కాస్త విశ్రాంతినివ్వండి! త్వరలో ఉచిత సర్వీసుతో మీ ముందుకొస్తాం.'

రైటరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేరుగా మార్కెటింగ్ మేనేజరు గదిలోకి పోయింది.

"సార్, ఇది ఎవరు మార్చారు?"

"నేనేనమ్మా. నీది మరీ కటువుగా ఉంది. చిన్నవాళ్ళతో సరదాగా, స్నేహంగా మాట్లాడాలి. ప్లగ్గు పీకండి, నిప్పు అంటే బెదిరిపోయి మిషన్లు వాపసు తెచ్చేస్తారు."

"మరి పెద్దవాళ్ళు బెదరరా?"

"వాళ్ళు వేరు. వాళ్ళకి వెనకాల లాయర్లుంటారు. దాచామని తెలిస్తే ఊరుకుంటారా?"

"అంటే లాయరు లేనివాళ్ళకి బెలూన్లా? మా వెనక వీధిలో కొట్టు కాలింది సార్. ఒక ఆడపిల్ల చెయ్యి కాలింది. మిగతావాళ్ళ దగ్గర ఈ క్షణాన కూడా మిషన్లు తిరుగుతూనే ఉన్నాయి. నేను రాసింది పంపించండి."

మేనేజరు కుర్చీలోంచి లేచాడు. "మళ్ళీ పంపితే మొదటిది తప్పని మనమే ఒప్పుకున్నట్టు కదా? ముందు ఆవిడ దగ్గరికి వెళ్ళొద్దాం. నువ్వు వాళ్ళ పక్క వీధి మనిషివి, నాలుగు మంచి మాటలు చెప్పు. తర్వాత తీరిగ్గా చూద్దాం."

తీరిగ్గానట! రైటరమ్మ తన కుర్చీలోకి వచ్చింది. ఆయన కారు తాళాలు వెతుక్కునే లోపు తను మొదట రాసిన ఉత్తరం, తన నంబరుతో సహా, చిన్నవాళ్ళందరికీ పంపేసింది. అధికారులకు వెళ్ళిన ఉత్తరం ఒక కాపీ తీసి చేతిసంచిలో పెట్టుకుంది. ఉద్యోగం ఉంటే ఉంటుంది, ఊడితే ఊడుతుంది.

కొట్టు ముందు తడిసిన అట్టపెట్టెలు గుట్టగా పడున్నాయి. లోపల ఒక గోడంతా మసి. కాలిన పంచదార వాసన ముక్కు బద్దలు కొడుతోంది. బిస్కెట్ల ఆవిడ పొయ్యి మూతల్ని పీచుతో తోముతోంది. చెల్లెలు పక్కన స్టూలు మీద, మోచేతి దాకా కట్టుతో కూర్చుంది.

మేనేజరు పళ్ళికిలించి, "అక్కా, మీరు మా కుటుంబం లాంటివాళ్ళు. అన్నీ బాగైపోతాయి. మీలాంటి ఫైటర్లు..." అని మొదలుపెట్టాడు.

"నేను మీకు ఎప్పుడు అక్కనయ్యాను?" అంది ఆవిడ తోమడం ఆపకుండానే. "మిషను అమ్మేటప్పుడు మేడం అన్నారు."

"అది కాదక్కా, అంటే మేడం, మేం ముందే చెప్పాం కదా. ఉత్తరం కింద చిట్కా ఉంది. మీరు పూర్తిగా చదివుండరు."

"చదివాను. మిషనుకి విశ్రాంతి ఇమ్మన్నారు. మధ్యాహ్నం అన్నం తినేసేపు ఆపాం. ఇచ్చాం కదా విశ్రాంతి?"

రైటరమ్మ సంచిలోంచి కాగితం తీసి ఆవిడ చేతికిచ్చింది. "ఇది పెద్ద కంపెనీ అధికారులకు వెళ్ళింది అక్కా. అదే మిషను. అదే రోజు."

ఆవిడ తడి చేతులు చీర కొంగుకి తుడుచుకుని చదవసాగింది. అప్పుడే రైటరమ్మ ఫోను మోగింది. తీసింది. అవతల ఎవరో ముసలాయన గట్టిగా, అందరికీ వినబడేలా మాట్లాడుతున్నాడు: "ప్లగ్గు పీకేశానమ్మా. మీ ఉత్తరం ఇప్పుడే చూశా. పట్టీ ఎర్రగా ఉందమ్మా, నీళ్ళు పొయ్యనా?"

"పొయ్యకండి బాబాయ్, దాని మానాన చల్లారనివ్వండి. కవర్లు దూరంగా తీసెయ్యండి." పెట్టెయ్యగానే ఇంకొకటి. ఆ వెంటనే మరొకటి.

మేనేజరు మొహం నల్లబడింది. "ఎవరినడిగి పంపావు? ఎవరికి ఎలా రాయాలో కంపెనీకో పద్ధతి ఉంది. నీ ఇష్టమా?" అని ఆమె మీద విరుచుకుపడి, ఆవిడ చూస్తోందని గుర్తొచ్చి గొంతు తగ్గించాడు. "చూడండి మేడం, పెద్దవాళ్ళకి గౌరవంగా రాస్తాం. మీకేమో ప్రేమగా రాశాం. మీరంటే అభిమానం ఉండబట్టే కదా, భయపెట్టకూడదనుకున్నాం. అందులో తప్పేముంది?"

బిస్కెట్ల ఆవిడ కాగితం మడిచి చెల్లెలి ఒళ్ళో పెట్టింది.

"ఆయన్ని మనిషనుకుని నిజం చెప్పారు. నన్ను పసిపిల్లననుకుని బుజ్జగించారు. మీ ప్రేమ మీ దగ్గరే ఉంచుకోండి, నాకూ ఆ ఉత్తరమే పంపుంటే దీని చెయ్యి కాలుండేదా?"