చేత్తో చేసే పనులు: లేవు

ఆ శుక్రవారం పొద్దున్న సుహాసినికి అంతా తేలిపోతున్నట్టే ఉంది. రాజాంలో మొదటి బస్సెక్కింది మొదలు కిటికీకి నుదురు ఆనించి, కోసిన మళ్లలో మంచు కదలడం, అందులోంచి కొంగలు లేవడం చూస్తూనే ఆమదాలవలస వచ్చేసింది. ఫోను సంచిలోంచి తీయనే లేదు.

ఇవాళ ధాన్యం మిల్లులో మెయింటెనెన్స్ చూసే లీలారాణి గారు ఒక్క సంతకం పెడితే చాలు. సుహాసిని జట్టు ఏడాది కష్టపడి కట్టిన టోకెన్ల యాప్ ఇకనుంచి మిల్లు మెయింటెనెన్స్ వాళ్లది. ఏ రైతు ఏ గంటకి ధాన్యం తేవాలో రోజూ పొద్దున్న ఏడింటికి మెసేజ్ పంపే యాప్ అది. అది అప్పగిస్తేనే సుహాసినికి సోమవారం విశాఖపట్నంలో కొత్త ప్రాజెక్టు. అప్పగించకపోతే ఆ చోటు తోటి ఉద్యోగి నరేష్‌ది.

అప్పగింత జాబితాలో ఇరవై మూడు పనులు, అన్నిటికీ టిక్కులు పడ్డాయి. పాస్‌వర్డులు మార్చారు. బ్యాకప్ తీయడమే కాదు, దాన్నుంచి డేటా తిరిగి తెచ్చి చూశారు. ఏదైనా ఆగిపోతే వెళ్లే హెచ్చరికలు సుహాసిని నంబరు నుంచి మెయింటెనెన్స్‌లో పనిచేసే గంగులు నంబరుకి మారాయి. పందొమ్మిదో వరస, 'చేత్తో చేసే పనులు', దాని ఎదురుగా సుహాసినే 'లేవు' అని రాసింది. ఇక మిగిలింది లీలారాణి సొంత నియమం ఒక్కటే. మూడు పొద్దులు వరసగా, కట్టినవాళ్లు చెయ్యి పెట్టకుండా, కాగితంలో రాసింది చదువుకుంటూ గంగులు ఒక్కడే నడపాలి. బుధ, గురువారాలు గాలికి పడవ పోయినట్టు పోయాయి.

ఏడయింది. మెసేజ్‌లు వెళ్లలేదు.

గంగులు కళ్లజోడు సర్దుకుని కాగితం మళ్లీ మొదటినుంచీ చదివాడు. పదిహేనేళ్లు కాటా దగ్గర పనిచేసి ఈ గదిలోకి వచ్చిన మనిషి, తొందరపడడు. సర్వరు నడుస్తోంది, జాబితా తయారైంది, ఏ హెచ్చరికా రాలేదు. అన్నీ బాగున్నాయి గానీ టోకెన్లు మాత్రం ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు ఆగి ఉన్నాయి.

ఎవరికోసమో సుహాసినికి అప్పుడు తెలిసింది.

కిందటి పంటకి ఒకే పేరున్న ఇద్దరు రైతుల టోకెన్లు తారుమారయ్యాయి. అప్పుడు, ఒక మనిషి పేర్లు చూసి 'సరే' నొక్కితేనే మెసేజ్‌లు వెళ్లేలా ఆమే మార్చింది. అప్పట్నుంచీ రోజూ ఆరింటికి, కళ్లు తెరిచీ తెరవకుండా దుప్పట్లోంచే ఆ పేర్ల మీద వేలు జార్చి సరే నొక్కడం అలవాటైపోయింది. పళ్లు తోముకోవడం ఎవరైనా జాబితాలో రాస్తారా? బుధవారం నొక్కింది. గురువారమూ నొక్కింది. ఇవాళ కొంగల్ని చూస్తూ మర్చిపోయింది.

సంచిలో ఫోను చేతికి తగిలింది. ఒక్క నొక్కు. ఎవరూ అడగరు, సోమవారం సముద్రం పక్కన కొత్త కుర్చీ. కానీ ఆ తర్వాత రోజూ ఎవరు నొక్కుతారు? ఆ హక్కు ఆమె ఖాతాకి తప్ప ఎవరికీ లేదు.

ఫోను తీసి లీలారాణి బల్ల మీద పెట్టి, రోజూ దుప్పట్లోంచి తనే నొక్కుతున్నానని, నిన్నా మొన్నా గెలిచింది కూడా గంగులు కాదని చెప్పేసింది.

లీలారాణి ఆ ఫోను పక్కకి జరిపింది. "ఏటమ్మా, నిద్దట్లో సేసింది పని కాదనుకున్నావేటి?"

ఆవిడ అప్పగింత జాబితా ముందుకి లాక్కుంది.

"మరైతే మూడు పొద్దులూ మళ్లీ మొదట్నుంచి. రేపు, ఎల్లుండి, సోమారం. నీకు బాధే, నాకు తెలుసు. కానీ సంతకం నాది కదా."

ఆ రోజుకి సుహాసినే నొక్కింది, టోకెన్లు అరగంట ఆలస్యంగా వెళ్లాయి. పందొమ్మిదో వరసలో 'లేవు' కొట్టేసి, ఏ పేర్లు ఎలా చూడాలో పేజీన్నర రాసింది. హక్కు గంగులుకి, ఆయన సెలవు పెడితే లీలారాణికి ఇచ్చి, తన ఖాతాలో తీసేసింది. విశాఖపట్నానికి ఫోన్ చేస్తే, వాళ్లు మర్యాదగానే, నరేష్‌ని పిలుస్తామన్నారు.

శనివారం ఆరింటికి గంగులు తెర ముందు కూర్చున్నాడు. రాత్రి ఊళ్లోనే ఉండిపోయిన ఆమె వెనక నిలబడింది, చేతులు కట్టుకుని. ఆయన వేలు సగంలో ఆగింది.

"ఇద్దరు లక్ష్ముళ్లున్నారు, సూడు. ఈడు సెరువు కింద లక్ష్ముడు, నిన్ననే దాన్యం తోలేసినాడు. ఈ టోకెను మెట్టమీదోడిది. ఆడికి ట్రాక్టర్ నేదు, ఎడ్లబండి. ఎనిమిదింటికి రమ్మంటే ఎలాగొస్తాడు? పదికెయ్యాల."

తన పేజీన్నరలో ఎడ్లబండి లేదు. ఇన్నాళ్లూ ఆమె దుప్పట్లోంచి చూసినవి అక్షరాలు. ఆయన చూస్తున్నవి మొహాలు.

గంగులు గంట మార్చి, సరే నొక్కాడు. బయట మంచులో ఏడింటికి ఎక్కడెక్కడో మోగబోయే ఫోన్లు అప్పుడే వినిపిస్తున్నట్టు అనిపించింది ఆమెకి. కాగితం లాక్కుని, ఇందాక ఏమన్నారో మళ్లీ నెమ్మదిగా చెప్పమని, మెట్టమీది లక్ష్ముడి దగ్గర్నుంచి రాయడం మొదలుపెట్టింది.